చెవి బొడిపెకి చిల్లు దిండు: 14 నెలలు వాడాక

కుడి చెవి పైఅంచున కందిగింజంత బొడిపె, మధ్యలో గట్టి పెచ్చు. పగలు దాని ఊసే ఉండదు. రాత్రి కుడిపక్కకి తిరిగి పడుకున్న గంటకి సూది దించినట్టు పోటొచ్చి మెలకువ వచ్చేసేది. దీనికోసం కుట్టించుకున్న చిల్లు దిండు సంగతి చెబుదామని రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాతికేళ్లుగా రొయ్యల చెరువుగట్ల మీద ఎండలో తిరిగే మనిషిని. సుగరుంది. రెండేళ్ల కిందట ఎడం భుజం బిగుసుకుపోయింది, అప్పట్నుంచి ఎడంపక్కకి ఒత్తిగిలలేను. దాంతో రాత్రంతా కుడి చెవి మీదే. ఈ పడకకీ బొడిపెకీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. సెగ్గడ్డేమో అని పసుపూ సున్నం పెట్టాను, మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు రెండు ట్యూబులు రాశాను. పెచ్చు గిల్లితే కింద గుండుసూది తల పట్టేంత గుంట కనబడేది. నాలుగు రోజులకి మళ్లీ పెచ్చు కట్టేది.

చివరికి కాకినాడలో చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, చెవి చూడకముందే "ఏ పక్కకి పడుకుంటారండీ?" అని అడిగారు. దీని పేరు కాండ్రోడెర్మటైటిస్ నాడ్యులారిస్ అట. చెవి అంచున చర్మం నేరుగా మృదులాస్థికి అంటుకుని ఉంటుంది, మధ్యలో మెత్తగా కొవ్వు ఉండదు. తల బరువంతా గంటల తరబడి అక్కడే పడితే ఆ కాస్త రక్తమూ అందక లోపలి మృదులాస్థి దెబ్బతింటుంది. ఎండా దీనికి తోడవుతుంది. నడివయసు దాటిన మగాళ్లలో ఎక్కువట. భూతద్దంతో చూసి, "క్యాన్సర్‌లా లేదు. కానీ మీరు ఎండలో తిరిగేవారు. ఒత్తిడి తీసేశాక కూడా తగ్గకపోయినా, పెరుగుతున్నా, ఊరికే రక్తం కారుతున్నా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి" అన్నారు. ఈ మాట మాత్రం ఎవరూ పెడచెవిన పెట్టకండి. ఈ బొడిపే, క్యాన్సరూ పైకి ఒకేలా కనబడొచ్చు.

రెండు వారాలకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాసి, అసలు మందు దిండేనన్నారు. చెవి దేనికీ తగలకుండా గాల్లో ఉండాలి, అంతే సూత్రం.

మొదటి దిండు తగలేశాను. ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండుకే మధ్యలో గుండ్రంగా కుట్టు వేయించి చిల్లు పెట్టించాను. వారం తిరక్కుండా దూది జరిగి చిల్లు పూడుకుపోయింది. రెండోసారి పరుపులు కుట్టే అతని దగ్గర 4 అంగుళాల మందం గట్టి ఫోము తీసుకుని, అడుగుదాకా 3 అంగుళాల వెడల్పు రంధ్రం కోయించాను. ఆ రాత్రీ పోటు తగ్గలేదు! తెల్లారాక చూసుకుంటే తెలిసింది: గలీబు చిల్లు మీద డప్పు చర్మంలా బిగిసి ఉంది, చెవి దానికే ఒరుసుకుంటోంది. మా ఆవిడ "చిల్లు దిండుకి పెట్టి గలీబుకి పెట్టలేదేంటండీ" అని నవ్వి, గలీబుకీ అదే చోట కోసి అంచు కుట్టింది. మీరూ పడుకున్నాక కిందనుంచి వేలు పెట్టి చూసుకోండి, చెవికీ పరుపుకీ మధ్య వేలు తిరగాలి. ఫోము మెత్తనిదైతే తల దిగిపోయి చెవి పరుపుకి తగిలేస్తుంది.

పది రోజులకి రాత్రి మెలకువలు తగ్గాయి. మూడో నెలకి పెచ్చు రాలి మళ్లీ కట్టలేదు. ఇప్పుడు వేలితో నొక్కితే చిన్న గట్టిదనం తెలుస్తుంది, నొప్పి లేదు.

లోపాలూ ఉన్నాయి. నిద్రలో తల చిల్లు మీంచి జారిపోతుంది, మొదటి నెల రోజూ ఇదే గొడవ. దిండుకి రెండువైపులా గుడ్డ చుట్టలు పెట్టాక కాస్త కుదురుకుంది. దొర్లే అలవాటున్నవాళ్లకి, తలకి పట్టీతో కట్టుకునే ఫోము చుట్ట నయం. మన ఉక్కపోతకి ఫోము చెమట పీల్చి కంపు కొడుతుంది, వారానికోసారి నీడలో గాలికి పెట్టాలి. ఏడాదికి నా ఫోము నడుమ కుంగింది, మార్చాను.

బొడిపెలోకి ఇంజెక్షనూ, దెబ్బతిన్న మృదులాస్థి తీసేసే చిన్న ఆపరేషనూ ఉన్నాయట, నాకు అంతదాకా రాలేదు. తెలిసినాయన ఒకరు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ పాత దిండు మీదే అదే పక్కకి పడుకున్నారు, కుట్టు పక్కనే ఇంకోటి లేచింది.

మొన్న భీమవరంలో పెళ్లికెళ్లి మూడు రాత్రులు మామూలు దిండు మీద పడుకున్నాను. మూడో రాత్రి అదే చోట సన్నగా పోటు మొదలైంది. ఇప్పుడు బస్సెక్కినా సంచిలో దిండుంటుంది.