రెజ్యూమె చదవగానే తేల్చేయాలా, అంశాలవారీగా మార్కులు వేయాలా?

అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు 60 రెజ్యూమెలు వచ్చాయనుకుందాం. ఒక్కోటి చదివి అప్పటికప్పుడే అవును, కాదు అని తేల్చేస్తే పని త్వరగా అయిపోతుంది. కానీ పేరున్న కాలేజీ కనబడగానే మిగతా వివరాలు కూడా బాగున్నట్టే అనిపిస్తాయి. పైగా పొద్దున చూసినవాటికీ సాయంత్రం అలసటలో చూసినవాటికీ కొలత మారిపోతుంది.

రెండో పద్ధతిలో ముందే మేనేజర్‌తో కూర్చుని టాలీ, జీఎస్టీ, ఎక్సెల్ అని అంశాలు రాసుకుంటాం. జీఎస్టీ రిటర్నులు తానే ఫైల్ చేస్తే 2, ఎవరికైనా సాయం చేస్తే 1, అనుభవమే లేకపోతే 0. ముందు 60 మందికీ జీఎస్టీ మార్కులు వేసి, ఆ తర్వాతే టాలీకి వెళ్తాం. రెండేళ్ల గ్యాప్ ఉన్న ఒకావిడ అంతకుముందు ఒక హోల్‌సేల్ షాపుకి నెలనెలా జీఎస్టీఆర్-3బి ఫైల్ చేసింది. ఇక్కడ ఆమెకు 2 వస్తుంది. మొదటి పద్ధతిలో ఆ గ్యాప్ చూసే పక్కన పెట్టేసేవాళ్లం. చివర్లో మొదటి పది రెజ్యూమెలకు పాత మార్కులు చూడకుండా మళ్లీ వేయాలి. తేడా ఎక్కువగా వస్తే 1కీ 2కీ మధ్య గీత సరిగ్గా లేనట్టే.

నా ఓటు రెండోదానికే. అయితే రెజ్యూమెలో రాసింది నిజమో కాదో మార్కులు చెప్పవు, అది ఇంటర్వ్యూలోనే తేలాలి.

ఇంటర్వ్యూ టైమ్ కూడా ఫోన్ ఎత్తినవాళ్లకే ముందు ఇస్తే పగలు ఉద్యోగంలో ఉన్నవాళ్లు నష్టపోతారు. ఎంపికైన అందరికీ ఒకే మెయిల్‌లో మూడు స్లాట్లు, అందులో ఒకటి ఆరు దాటాక, జవాబుకు ఒకే గడువు పెడితే సరి.