నర్సు రాజీనామా మెయిల్: ఆప్యాయంగా రాసినది మేలా, సూటిగా రాసినది మేలా?

నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. డ్యూటీ చార్ట్ వేయడం నా పని. మా దగ్గర చేసే కోవూరు అమ్మాయికి ఎంఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. రాజీనామాకి రెండు మెయిళ్లు రాసుకుని, "అక్కా, ఏది పంపమంటారు?" అని అడిగింది. అసలు మెయిళ్లు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో విషయం ఏమిటో ఇక్కడ తెలుగులో చెబుతాను.

మొదటిది ఇలా ఉంది:

"గౌరవనీయులైన సూపరింటెండెంట్ మేడమ్ గారికి నమస్కారం. ఈ ఆసుపత్రి నాకు అమ్మ ఒడి లాంటిది. ఇక్కడ అందరూ నన్ను సొంత మనిషిలా చూసుకున్నారు. మీ రుణం ఎప్పటికీ తీర్చుకోలేను. మా ఇంట్లో వాళ్ల కోరిక మేరకు ఉన్నత చదువులకు వెళ్లాలని అనుకుంటున్నాను. దయచేసి నన్ను వీలైనంత త్వరగా రిలీవ్ చేయవలసిందిగా ప్రార్థన."

రెండోది:

"స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఎంఎస్సీ నర్సింగ్‌లో చేరుతున్నాను. జూలై 10న రిలీవ్ చేయాలి. అదే రోజు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యం వల్ల సీటు పోతే బాధ్యత ఆసుపత్రిదే."

మొదటిది చదివితే ఆ పిల్ల మనసు మంచిదని తెలుస్తుంది. కానీ అది రాజీనామా కాదు. "వెళ్లాలని అనుకుంటున్నాను" అన్నది ఆలోచన మాత్రమే. హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని పక్కన పెట్టి, నెల తర్వాత "మీరు రాజీనామా ఎప్పుడిచ్చారు?" అని అడిగితే చూపించడానికి అందులో ఒక్క వాక్యం లేదు. నోటీసు లెక్క మొదలయ్యేది "రాజీనామా చేస్తున్నాను" అన్న మాట అందాకే.

అంతకన్నా ఇబ్బంది పెట్టే మాట "వీలైనంత త్వరగా". మర్యాదగా ఉంటుందని రాసింది. దాన్ని పట్టుకుని యాజమాన్యం వారంలో పంపించేసి, "త్వరగా వెళ్తానని మీరే అడిగారు" అంటూ మిగిలిన నోటీసు రోజులకు జీతం కోసుకోవచ్చు. లేదంటే కొత్త మనిషి దొరికేదాకా మాకు వీలు కాలేదు అనవచ్చు. రెండు రకాలుగానూ నష్టం ఈ అమ్మాయికే.

రెండోదానిలో తేదీ ఉంది, కోర్సు పేరు ఉంది, ఏమేం కావాలో ఉంది. కోర్సు పేరు రాయడం చాలా మంచిది. "ఉన్నత చదువులు" అని ఊరుకుంటే, వేరే ఆసుపత్రికి పోతోందేమోనని జీతం పెంచుతామంటూ పిలిచి కూర్చోబెడతారు. ఎంఎస్సీ నర్సింగ్, రెండేళ్ల కోర్సు, ఫలానా రోజున చేరాలి అంటే ఇక ఆ మాటే రాదు. కానీ ఆ చివరి వాక్యం బెదిరింపులా ఉంది. రేపు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది ఆ మేడమే. కోర్సు అయ్యాక ఫోన్ చేసి ఈ అమ్మాయి పని ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చెప్పాల్సిందీ ఆవిడే.

రెండింటిలో ఒకటే పంపాల్సి వస్తే, ఆ ఒక్క వాక్యం కొట్టేసి రెండోదే పంపమంటాను. అయితే దానిలోనూ తేదీ లెక్క పూర్తిగా తేలలేదు.

ఆమె అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు 30 రోజులని ఉంది. మెయిల్ జూన్ 10న పంపుతోంది. మర్నాటి నుంచి లెక్కేస్తే జూన్‌లో 20 రోజులు, జూలైలో 10 రోజులు. అంటే జూలై 10కి సరిపోయింది. ఈ లెక్క మెయిల్‌లోనే రాసేయాలి, ఎవరూ మళ్లీ వేళ్లు మడిచి చూసుకోనక్కర్లేకుండా. లెటర్‌లో 30 రోజులనా, ఒక నెల అనా, మూడు నెలలనా అన్నది ముందు చూసుకోవాలి. ఆసుపత్రికో తీరు ఉంటుంది.

తర్వాత షిఫ్టు సంగతి. జూలై 10న నైట్ డ్యూటీ పడితే అది ముగిసేది 11వ తేదీ ఉదయం. అప్పుడు చివరి పనిదినం పదా, పదకొండా అని అటెండెన్స్ దగ్గర పేచీ వస్తుంది. చార్ట్ వేసే మనిషిగా చెబుతున్నాను, "జూలై 10 మార్నింగ్ డ్యూటీ ముగిశాక" అని రాస్తే నాకు కూడా పని తేలిక. నోటీసులో సెలవు పెడితే ఆ రోజుల్ని చివర కలిపే ఆసుపత్రులున్నాయి. కాబట్టి కాలేజీ పని మీద ఒకరోజు వెళ్లాల్సి ఉంటే ఆ తేదీ కూడా ఇప్పుడే అడగాలి.

కాగితాల విషయంలో ఆ అమ్మాయి టెన్షన్ న్యాయమైనదే. చేరినప్పుడు ఒరిజినల్స్ తీసుకుని దగ్గర పెట్టుకునే ఆసుపత్రులు ఉన్నాయి. కాలేజీలో చేరేటప్పుడు అవే కావాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు ఎంఎస్సీలో చేరాలంటే ఆ తర్వాత కనీసం ఏడాది అనుభవం ఉండాలి. అందుకే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానిన తేదీ, పనిచేసిన విభాగం మూడూ ఉండాలి. మెయిల్‌లో ఆ మూడూ అడగాలి. కాలేజీలో చేరాల్సింది జూలై 15న కనుక ఎందుకు తొందరో ఆ తేదీయే చెబుతుంది, బెదిరించనక్కర్లేదు.

ఇక ఆప్యాయత. "అమ్మ ఒడి" అన్న మాట ఏ ఆసుపత్రికైనా రాయొచ్చు, అందుకే అది మేడమ్ మనసుకు తగలదు. నీకు ఇక్కడ నిజంగా గుర్తుండేది ఏంటమ్మా అని అడిగాను. చేరిన కొత్తలో వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి గొట్టంతో కఫం లాగే సక్షన్ చేయబోతే చేతులు వణికాయట. రౌండ్స్‌కి వచ్చిన మేడమ్ అది చూసి, తానే గ్లోవ్స్ వేసుకుని పక్కన నిలబడి, కాథెటర్ ఎంత లోపలికి పోవాలో, ఎన్ని సెకన్లలో బయటికి తీయాలో చూపించారట. ఆ మాటే రాయమన్నాను. చివరికి పంపినది ఇది:

"విషయం: రాజీనామా, స్టాఫ్ నర్స్, ఐసీయూ, చివరి పనిదినం జూలై 10

మేడమ్ గారికి నమస్కారం. ఐసీయూలో స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఎంఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది, జూలై 15న కాలేజీలో చేరాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం 30 రోజుల నోటీసు జూన్ 11 నుంచి జూలై 10 వరకు. జూలై 10 మార్నింగ్ డ్యూటీ నా చివరి డ్యూటీ.

ఈలోగా క్రాష్ కార్ట్ చెకింగ్, స్టాక్ రిజిస్టర్ నా స్థానంలో వచ్చే సిస్టర్‌కి అప్పగిస్తాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్, చేరిన తేదీ, మానిన తేదీ, విభాగంతో కూడిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ జూలై 10న ఇప్పించగలరని కోరుతున్నాను.

కొత్తలో సక్షన్ చేయడానికి భయపడితే మీరు పక్కన నిలబడి నేర్పించారు. నేను ఇప్పుడు కొత్త సిస్టర్లకు అలాగే నేర్పిస్తున్నాను. మీకు కృతజ్ఞతలు."

మెయిల్ సూపరింటెండెంట్ మేడమ్‌కి పంపి, హెచ్‌ఆర్‌నీ తన సొంత మెయిల్ ఐడీనీ కాపీలో పెట్టమన్నాను. మానేశాక ఆసుపత్రి ఇచ్చిన మెయిల్ తెరుచుకోదు, అప్పుడు రుజువు సొంత ఐడీలోనే ఉండాలి. ప్రింట్ కూడా ఒకటి తీసి, ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుంది. రెండు మూడు రోజుల్లో అంగీకార జవాబు రాకపోతే కొత్తగా ఏమీ రాయకుండా, అదే మెయిల్ కింద "జూలై 10 తేదీని దయచేసి ఖరారు చేయండి మేడమ్" అని ఒక్క లైను పంపమని చెప్పాను.