ఒక్క రెసిస్టరా, డివైడరా?

విజయనగరంలో మా మేడ మీద గదిలో మేనల్లుడు ఆంప్లిఫయర్ కట్టాడు. 12 వోల్టుల సప్లై, కలెక్టర్‌లో 3.3 కిలోఓమ్‌లు, బేస్‌కి 820 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే. ట్రాన్సిస్టర్ BC547, బీటా 120, అంటే బేస్ కరెంట్‌కి 120 రెట్లు కలెక్టర్‌లో పారుతుంది. కలెక్టర్-ఎమిటర్ మధ్య 6.5 వోల్టులు, అంటే సప్లై, రెసిస్టర్లు కలిసి వోల్టేజ్‌కీ కరెంట్‌కీ గీసే హద్దు గీత, లోడ్ లైన్‌కి దాదాపు నడుమనే. బాగుంది. కానీ ట్రాన్సిస్టర్ మార్చి, బీటా 300 ఉన్నది పెట్టాడు. మీటర్ సుమారు 0.2 చూపించింది. బేస్ కరెంట్ మారలేదు. కలెక్టర్ కరెంట్ మాత్రం 4.1 మిల్లీఆంప్‌లు కావాలి, కానీ లోడ్ లైన్ 3.6 దగ్గరే ఆగిపోతుంది. కరెంట్ ఇక పెరగలేని ఆ స్థితే సాచురేషన్. సిగ్నల్‌లో సగం తెగిపోతుంది.

"మావయ్యా, ఇది పాడైందా?" అన్నాడు. పాడవలేదు.

సప్లై వోల్టేజ్‌ని రెండు రెసిస్టర్లతో పంచి బేస్‌కి ఇచ్చే డివైడర్‌కి మార్చాం: పైన 47, కింద 10 కిలోఓమ్‌లు, ఎమిటర్‌లో 1 కిలోఓమ్. బేస్ దగ్గర సుమారు 2 వోల్టులు. ఇప్పుడు లోడ్ లైన్ 12 వోల్టుల నుంచి 12/4.3, అంటే 2.8 మిల్లీఆంప్‌ల దాకా. బీటా 120తో 6.4 వోల్టులు, 300తో 6.1. కరెంట్ పెరగబోతే ఎమిటర్ వోల్టేజ్ పెరిగి, బేస్-ఎమిటర్ వోల్టేజ్‌ని తగ్గిస్తుంది. మా మేడ గదిలో మే ఎండ వేడి నుంచీ అదే రక్షణ.

ఎమిటర్ రెసిస్టర్ గెయిన్‌ని తగ్గిస్తుంది, దానికి అడ్డంగా కెపాసిటర్ పెట్టాలి. అయినా నేను డివైడర్‌నే వాడతాను.