మూడు ప్లాన్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ధరల పేజీ చెప్పినది, చెప్పనిది

అనంతపురంలో మాది డ్రిప్ పైపులు, స్పేర్ పార్టుల దుకాణం. బిల్లింగ్, స్టాకు లెక్కలు అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉన్నట్లే మేము కొన్న ఈ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. నేను దీన్ని కొన్నది ధరల పేజీలోని రాతను నమ్మి. అందువల్ల ఆ రాత గురించే చెబుతాను.

చాలా కంపెనీలు ప్లాన్లకు బంగారం, వజ్రం అని పేర్లు పెట్టి, కింద నలభై టిక్కు మార్కులు వరుసగా పేరుస్తాయి. ఇక్కడ మాత్రం ప్రతి ప్లాను పేరు కింద అది ఎవరికో ఒక్క వాక్యంలో రాశారు. మొదటిది ఒకే కౌంటరు ఉన్నవారికి, రెండోది దుకాణంతోపాటు గోడౌన్ కూడా ఉన్నవారికి, మూడోది టర్నోవరు 5 కోట్లు దాటి ఇ-ఇన్‌వాయిస్ తప్పనిసరైనవారికి. మాకు గోడౌన్ ఉంది, టర్నోవరు అంత లేదు. కాబట్టి రెండోది తీసుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. నెలకు 400 అన్న అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, ఏడాదికి 4,800, 18 శాతం జీఎస్టీ కలిపి 5,664 అని వేశారు. కట్టేటప్పుడు ఒక్క రూపాయి తేడా రాలేదు. ఈ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

చిక్కంతా ఆ రెండో ప్లానులో ‘ముగ్గురు యూజర్లు’ అన్న చోట వచ్చింది. కౌంటరులో నేను, మా తమ్ముడు, గోడౌన్‌లో ఒక కుర్రవాడు, వెరసి ముగ్గురం. నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ కావడంతో ఆడిటర్ గారు లెక్కలు చూడడానికి లాగిన్ అడిగారు. ఇవ్వబోతే పరిమితి ముగిసిందని వచ్చింది. గోడౌన్ లాగిన్‌నే ఆయనకిచ్చాం. ఆయన తెరవగానే అక్కడి కుర్రవాడి ఫోనులో అది మూసుకుపోయింది. పైపుల లోడు దిగుతుంటే అతను కాగితం మీద రాసుకున్నాడు, సాయంత్రానికి 16 ఎంఎం లాటరల్ కట్టల లెక్క కంప్యూటరులో ఒకటి, గోడౌన్‌లో మరొకటి అయింది. కేవలం లెక్కలు చూసే మనిషి కూడా యూజరేనని కస్టమర్ కేర్ వారు ఫోనులో చెప్పారు గాని, పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. నాలుగో లాగిన్ కావాలంటే మూడో ప్లానుకు మారాలట. అది నెలకు 900, అంటే ఏడాదికి పన్నుతో 12,744. ఒక్క మనిషి కోసం 7,080 అదనం, అదీ మాకు అక్కరలేని ఇ-ఇన్‌వాయిస్‌తో కలిపి.

‘ఎవరికి’ అన్న ఆ వాక్యం మంచిదే అని ఇప్పటికీ అంటాను, అయితే అది దుకాణాన్ని చూసి రాసినదే తప్ప దుకాణం చుట్టూ ఉండే మనుషులను చూసి రాసినది కాదు. ‘ఆడిటరుకు ఇచ్చే లాగిన్ కూడా ఈ ముగ్గురిలో లెక్కే’ అని రాసి ఉంటే కొనకముందే తేల్చుకునేవాళ్లం. రిటర్నులు సొంతంగా వేసుకునేవారికి రెండో ప్లాను నిస్సందేహంగా సరిపోతుంది. మేము మాత్రం ప్రస్తుతానికి నెలనెలా ఎక్సెల్ ఫైలు తీసి ఆడిటర్ గారికి పంపుతూ ఇందులోనే కొనసాగుతున్నాం, ఎందుకంటే పాత బాకీల ఖాతాలన్నీ దీనిలోనే ఉన్నాయి.