అపార్ట్‌మెంట్ కార్ల వాషింగ్: రోజూ తుడవడమా, మెషీన్ కొనడమా, వారానికి రెండుసార్లు బకెట్‌తో కడగడమా?

హనుమకొండలో నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాకా ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా కనీసం పదిహేను కార్లు, ముప్పై బైకులు కనిపిస్తాయి. చేతిలో పది వేల రూపాయలు మాత్రమే ఉన్న కుర్రాడు వీటిని కడిగే పనితో మొదలుపెట్టాలనుకుంటే అతని ముందు మూడు దారులున్నాయి. ఒకటి, నెలకు ఇంత అని మాట్లాడుకుని రోజూ పొద్దున్నే కారు తుడవడం. రెండు, ప్రెషర్ వాషర్ కొని ఫోన్ చేసిన వాళ్ల దగ్గరికి వెళ్లి కడగడం. మూడు, నీళ్లతో కడిగేయాల్సిన అవసరం లేని షాంపూ బకెట్‌లో కలుపుకుని వారానికి రెండుసార్లు శుభ్రం చేయడం. నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు చూస్తుంటాను కాబట్టి ఈ మూడు రకాల వాళ్లూ సెల్లార్‌కు రావడం, కొందరు వెళ్లిపోవడం చూశాను. నా ఓటు మూడోదానికే.

చాలామంది కుర్రాళ్ల చూపు ముందుగా మెషీన్ మీదికే పోతుంది. ఏడెనిమిది వేలకు ఇంటి వాడకం ప్రెషర్ వాషర్ వస్తుంది. పైపు, ఫోమ్ బాటిల్, పొడవాటి వైరు కలిపితే పదకొండు వేలు దాటుతుంది. నురగ కొట్టి కడుగుతుంటే చూడటానికి బాగుంటుంది, ఒక్కో కారుకు 300 అడగొచ్చు. చిక్కంతా అపార్ట్‌మెంట్‌లోనే. ఈ మెషీన్ నిమిషానికి ఆరేడు లీటర్ల నీళ్లు తాగుతుంది. పావుగంట నడిస్తే దాదాపు వంద లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో బోరు సన్నబడి ట్యాంకర్ తెప్పించుకునే అపార్ట్‌మెంట్‌లో ఆ వంద లీటర్లు ఎవరిస్తారు? కరెంటు ఖర్చు నిజానికి చాలా తక్కువ. పదిహేను వందల వాట్ల మెషీన్ పావుగంటకు అర యూనిట్ కూడా కాల్చదు. అయినా ప్లగ్ పెట్టేది కామన్ మీటర్‌కు కాబట్టి కారు లేని ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు. "మా మెయింటెనెన్స్ డబ్బుతో మీ కార్లా?" అని మీటింగ్‌లో అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు.

అన్నింటికన్నా పెద్ద సమస్య కడిగిన నీళ్లు ఎటు పోతాయన్నది. చాలా సెల్లార్లలో గచ్చు వాలు సరిగా ఉండదు. నీళ్లు లిఫ్ట్ గుంతలోకి దిగితే రిపేరు బిల్లు వేలల్లో వస్తుంది, ఆ బిల్లు చూపించేది మీకే. తడి గచ్చు మీద అతుకులు వేసిన వైరుతో పని చేయడం ప్రాణాపాయం కూడా. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్, షాక్ కొడితే ట్రిప్ అయ్యే స్విచ్ లేని చోట మెషీన్ ఆన్ చేయకూడదు. పైగా మెషీన్ పనికి పిలిచేది ఎక్కువగా ఆదివారమే. ఒక్కో కారుకు సామాను పరవడం, తుడవడం కలిపి ముప్పావు గంట పడుతుంది కాబట్టి ఆ పొద్దు నాలుగు కార్లకు మించి చేయలేరు. మిగతా ఆరు రోజులు ఫోన్ కోసం ఎదురుచూపే.

రోజూ తుడిచే పనికి పెట్టుబడి దాదాపు ఏమీ అక్కర్లేదు. బకెట్, గుడ్డలు, దుమ్ము దులిపే ఓ కుచ్చు చాలు. మా వైపు కారుకు నెలకు 400 నుంచి 600 దాకా నడుస్తోంది. అయితే ఈ పని చాలా చోట్ల ఇప్పటికే వాచ్‌మెన్ కుటుంబం చేతిలో ఉంటుంది. జీతం తక్కువ కాబట్టి ఆ నాలుగైదు వేలే వాళ్ల పిల్లల ఫీజు. మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చి కారుకు వంద తగ్గించి చేస్తానని అడిగినప్పుడు వాచ్‌మెన్ నా దగ్గరికొచ్చి, "మా కడుపు మీద కొట్టకుండ్రి సార్" అన్నాడు. ఆ మాట విన్నాక ఎవరూ ఆ కుర్రాణ్ని పెట్టుకోలేదు. రేటు తగ్గించి వాచ్‌మెన్‌తో పోటీ పడటం మంచిది కాదు, నడవదు కూడా. గేటు తీసేది అతనే.

ఈ పనిలో ఇంకో లోపం ఉంది, దీని గురించి కస్టమర్లకే ఎక్కువగా తెలియదు. ఉత్తర తెలంగాణలో చాలా చోట్ల గ్రానైట్ నేల. క్వారీల దుమ్ము, రోడ్డు పనుల దుమ్ము, ఇసుక లారీల దుమ్ము కారు మీద పొరలా పడుతుంది. ఆ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువు కారు పెయింట్ మీదుండే పారదర్శకమైన పూతకన్నా చాలా గట్టిది. పొడి గుడ్డతో, లేదా ఒకే మగ్గు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రోజూ గుండ్రంగా తిప్పి తుడిస్తే ఆ రేణువులే గరుకు కాగితంలా పని చేస్తాయి. ఆరు నెలలకు నల్ల కారును ఎండలో నిలబెట్టి చూడండి, సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. కారు రోజూ మెరుస్తున్నట్టే ఉంటుంది, పెయింట్ మాత్రం రోజూ అరుగుతుంటుంది.

బకెట్ షాంపూ పద్ధతి నిలబడేది ఇక్కడే. దీన్ని రిన్స్‌లెస్ వాష్ అంటారు, కార్ల సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఇందులోని పాలిమర్లు దుమ్ము రేణువును చుట్టుకుని జారేలా చేస్తాయి, కాబట్టి గుడ్డ దాన్ని రుద్దకుండా ఎత్తుకుంటుంది. డబ్బా మీద రాసిన పాళ్లే పాటించాలి. మామూలుగా ఎనిమిది లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఇంకా శుభ్రం కాదు, జిడ్డు చారలు మిగులుతాయి. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ ఎప్పుడూ వాడొద్దు, అవి కారుకున్న వాక్స్‌ను ఊడగొడతాయి.

ఒక్క డోరు ఎలా చేయాలో చూస్తే మొత్తం పని అర్థమవుతుంది. మొక్కలకు మందు కొట్టే రెండు లీటర్ల చేతి స్ప్రేయర్‌లో అదే షాంపూ నీళ్లు పోసి డోరంతా తడపాలి. ఒకట్రెండు నిమిషాలు నాననివ్వాలి. బకెట్‌లో నానుతున్న మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా పిండి, రెండుసార్లు మడిచి, పైనుంచి కిందికి ఒకే దిక్కులో, బరువు వేయకుండా లాగాలి. ఒక జాన లాగాక గుడ్డ మడత తిప్పి కొత్త ముఖం వాడాలి. అన్ని ముఖాలూ మురికయ్యాక ఆ గుడ్డను మళ్లీ బకెట్‌లో ముంచకూడదు, విడి సంచిలో వేసి కొత్తది తీయాలి. అప్పుడే బకెట్ నీళ్లు మూడు కార్ల దాకా తేటగా ఉంటాయి. వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి తడి ఆరిపోయిన చోట తెల్ల మచ్చ పడుతుంది. ఆర్‌వో నుంచి వదిలే నీళ్లు ఊరికే పోతున్నాయి కదా అని వాడితే మచ్చలు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. డోరు కింది అంచు, చక్రాలు చివరికి, వేరే గుడ్డతో. నేల మీద పడ్డ గుడ్డ మళ్లీ పెయింట్ మీదికి రాకూడదు.

ఇప్పుడు లెక్క. ఇరవై గుడ్డలు, రెండు బకెట్లు, రెండు స్ప్రేయర్లు, షాంపూ, చక్రాల బ్రష్, సెల్లార్ చీకటికి తలకు కట్టుకునే లైటు, అన్నీ కలిపి నాలుగు వేలకు అటూఇటూ అవుతుంది. చేయి తిరిగాక కారుకు ఇరవై నిమిషాలు పడుతుంది. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తొమ్మిది కార్లు. వారానికి ఆరు రోజులు, ఒక్కో కారుకు రెండుసార్లు అంటే 27 కార్లు పడతాయి. నెలకు ఎనిమిది వాష్‌లకు 700 చొప్పున 18,900. అది నిండిన రోజు మాట. మొదటి మూడు నెలలు పన్నెండు కార్లు దొరికితే మంచి మొదలు అనుకోవాలి. వాటికి 8,400 వస్తుంది. వాష్‌కు 15 రూపాయల షాంపూ చొప్పున 1,440, గుడ్డలకు 300, పెట్రోలుకు 500, వాచ్‌మెన్‌కు కారుకు 50 చొప్పున 600 పోతే చేతిలో 5,560 మిగులుతుంది. పూర్తి జీతం కాదు. తొమ్మిదింటికల్లా అయిపోతుంది కాబట్టి చదువో ఇంకో పనో పోగొట్టుకోకుండా చేసుకోవచ్చు.

ఆ వాచ్‌మెన్ వాటాను ఖర్చు అనుకోవద్దు. రోజూ తుడిచే వాళ్లను అలాగే ఉంచి, "మీరు దుమ్ము దులపండి, నేను వారానికి రెండుసార్లు పూర్తిగా చేస్తా" అని చెప్పుకుంటే గొడవ ఉండదు. కుచ్చు వాడకం ఆపించి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్ప్రే బాటిల్ మీరే ఇస్తే గీతలు కూడా తగ్గుతాయి. కారు తాళాలు, ఎవరు ఊళ్లో ఉన్నారు, ఎవరు లేరు, అంతా అతనికే తెలుసు.

డబ్బు రోజుల మీద కాకుండా వాష్‌ల మీద మాట్లాడుకోండి. కారు మేడారమో హైదరాబాదో వెళ్లిందని "ఈ నెల సగమే ఇస్తా" అనే మాట అప్పుడు రాదు. ఎనిమిది పూర్తయ్యేదాకా లెక్క నడుస్తుంది. ప్రతిసారి ఒక ఫోటో వాట్సాప్‌లో పెడితే చాలు. మొదటి వాష్‌కు ముందు ఓనరును పక్కన పెట్టుకుని కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. పాత గీతలు, సొట్టలు అందులో పడితే తర్వాత "ఇది నువ్వే చేశావు" అన్న టెన్షన్ ఉండదు.

బైకుల సంగతి వేరు. గుడ్డతో ట్యాంకు, సీటు తుడిచినా ఓనరుకు తృప్తి ఉండదు, ఎందుకంటే మురికంతా కిందే, ఇంజన్ దగ్గరా చైన్ దగ్గరా ఉంటుంది. దానికి నీళ్లు కావాలి. ఇంజన్ చల్లారాక, సైలెన్సర్ మూతికి ఓ గుడ్డ కుక్కి, మగ్గుతో కడిగి, గుడ్డ తీసేసి, చైన్ ఆరబెట్టి లూబ్ కొట్టి ఇస్తే 80 రూపాయలు ఇవ్వడానికి వెనకాడరు. డిస్క్ బ్రేక్ మీద పాలిష్ గానీ లూబ్ గానీ ఒక్క చుక్క పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. ఎలక్ట్రిక్ స్కూటర్లకు తడి గుడ్డ మాత్రమే, చార్జింగ్ పెట్టే చోటికి నీళ్లు పోనివ్వొద్దు. నెలవారీ కార్ల మధ్య ఖాళీ దొరికినప్పుడే బైకులు తీసుకోండి, వాటి మీదే బతుకుదామంటే కష్టం.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా పొలం నుంచి వచ్చిన కారు చక్రాల పైదాకా బురద గట్టిపడి ఉంటే స్ప్రేయర్ చాలదు. గోటితో గీకితే పెచ్చు లేచేంత మందం ఉంటే గుడ్డ పెట్టకండి, ముందు నీళ్లతో కడిగించుకు రమ్మనండి. మెషీన్ అవసరం నిజంగా కనిపించేది ఆ కార్ల దగ్గరే. అలాంటివి వారానికి అయిదారు వస్తూ, వడ్డేపల్లి వైపు సొంత నల్లా, వాకిలి ఉన్న ఇండ్ల వాళ్లు కూడా అడుగుతుంటే, అప్పటికి మిగిలిన డబ్బుతో మెషీన్ కొనండి. తక్కువ పడితే ముద్ర శిశు రుణం 50,000 దాకా ఉంది గానీ, పదకొండు వేల సామానుకు అంత అప్పు తీసుకోవద్దు.