ర్యాక్‌కు ఫోర్క్‌లిఫ్ట్ తగిలింది: రిపోర్టులో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాయాలా, కొలిచి రాయాలా? ఏది మేలు?

ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు అనుకుందాం. రెండున్నర టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ ఒక పాలెట్‌ను ర్యాక్‌లో పెట్టి వెనక్కి వస్తూ తిరిగింది. దాని వెనుక భాగం ఎదురు వరసలో ర్యాక్‌ను మోసే నిలువు స్తంభానికి, అంటే అప్‌రైట్‌కు తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, సరుకు పడలేదు. ఇక సూపర్‌వైజర్ రిపోర్టు రాయాలి.

మామూలుగా వచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: "ఆపరేటర్ అజాగ్రత్త వల్ల ర్యాక్ స్వల్పంగా దెబ్బతింది. హెచ్చరించాం. మళ్లీ శిక్షణ ఇస్తాం." రాయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ రాత్రికి పై అధికారికి కబురు చేరవేయడానికి ఇది సరిపోతుంది. కానీ ఆ ర్యాక్ కింద రేపు మనుషులు నడవవచ్చా లేదా అన్నది మాత్రం ఇందులో తేలదు. "స్వల్పంగా" అంటే ఎంత?

రెండో రకం రిపోర్టు ఆ మాటను తీసేసి అంకె వేస్తుంది. వంగిన చోటు మధ్యకు వచ్చేలా మీటరు పొడవున్న నిటారు పట్టీని అప్‌రైట్‌కు, సొట్ట పడ్డ వైపున ఆనించి, పట్టీకీ ఉక్కుకూ మధ్య సందును కొలవాలి. మన ఉదాహరణలో దెబ్బ నేల నుంచి 620 మి.మీ. ఎత్తులో ఉంది, సందు 5 మి.మీ. వచ్చింది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. యూరప్ ప్రమాణం EN 15635 ప్రకారం అప్‌రైట్ పాలెట్లు ఆనే అడ్డ బీముల వెంబడి పక్కకు వంగితే 5 మి.మీ. వరకు పచ్చ వర్గం, అంటే వాడుతూ గమనిస్తే చాలు. ఫ్రేమ్ లోతు వైపుకు, అంటే దారి నుంచి లోపలికి వంగితే పరిమితి 3 మి.మీ. మాత్రమే. పరిమితి దాటి దానికి రెట్టింపు వరకు నారింజ, ఆపైన ఎరుపు. దారిలోంచి తగిలిన ఈ దెబ్బ అప్‌రైట్‌ను లోపలికే నెట్టింది కాబట్టి ఈ 5 మి.మీ. నారింజ కిందికి వస్తుంది. దిశ రాయకుండా అంకె ఒక్కటే రాస్తే ఇదే దెబ్బ పచ్చగా చెలామణీ అయిపోతుంది.

నారింజ అంటే వెంటనే ఖాళీ చేయనక్కర్లేదు. కానీ తీసిన పాలెట్ స్థానంలో కొత్తది పెట్టకూడదు. నాలుగు వారాల్లో బాగుచేయకపోతే దాన్ని ఎరుపుగా లెక్కించి ఖాళీ చేయించాలి. రెండు అప్‌రైట్ల మధ్య అరను బే అంటారు; ఒక అప్‌రైట్ తన రెండు పక్కల బేల బరువునూ మోస్తుంది. అందుకే "లోడింగ్ నిషేధం" బోర్డు రెండు బేలకూ కట్టాలి. ఒక్క బేకే కట్టి ఊరుకోవడం తరచుగా జరిగే తప్పు.

కారణం దగ్గర రెండు రిపోర్టుల తేడా ఇంకా పెద్దది. ఫోర్క్‌లిఫ్ట్ వెనుక చక్రాలతో తిరుగుతుంది, అందుకే మలుపులో వెనుక భాగం బయటికి ఊగుతుంది. ర్యాకుల మధ్య దారి 3.8 మీటర్లు. కానీ ఆ రాత్రి పక్క బే ముందు నేల మీద రెండు పాలెట్లు నిలిపి ఉన్నాయి, అక్కడ మిగిలిన దారి 2.7 మీటర్లే. వాటిని తప్పించడానికి ఆపరేటర్ రోజూ కంటే ఎక్కువ దూరం వెనక్కి వచ్చి తిరగాల్సి వచ్చింది. వెనక్కి చూడకపోవడం అతని తప్పే. అది కూడా రాయాలి. కానీ ఆ పాలెట్లు అక్కడికి ఎందుకు వచ్చాయని అడగకుండా శిక్షణ ఒక్కటే రాస్తే, రేపు మరో ఆపరేటర్ అదే అప్‌రైట్‌ను కొడతాడు. ఈ గోడౌన్‌లో దొరికిన జవాబు: సాయంత్రం వచ్చిన సరుకుకు ర్యాక్‌లో స్థానం కేటాయించేవారు రాత్రి షిఫ్టులో లేరు.

దిద్దుబాటు కింద "అప్‌రైట్‌ను సాపు చేయించాం" అని కనబడితే ఒప్పుకోకండి. ఇది చల్లగా వంచి చేసిన పల్చటి ఉక్కు. సుత్తితో కొట్టినా, గ్యాస్‌తో వేడిచేసినా రూపం తిరిగి వస్తుంది గానీ బలం రాదు, రంధ్రాల అంచుల్లో పగుళ్లు కూడా రావచ్చు. రెండు బేలనూ పైనుంచి కిందికి ఖాళీ చేసి, తయారీదారు ఇచ్చిన అదే కొలత, అదే మందం ఉన్న అప్‌రైట్ వేయాలి. బేస్ ప్లేట్ బోల్టులు, ప్రతి బీమ్ చివర లాక్ పిన్ చూశాకే బోర్డు తీయాలి.

అప్‌రైట్‌ను దెబ్బల నుంచి కాపాడే ఇనుప గార్డు విషయంలో మాత్రం ఎంపిక అంత తేలిక కాదు. అప్‌రైట్‌కే తొడిగేది చౌక, దారిని తినదు, కానీ గట్టి దెబ్బ అప్‌రైట్‌కే చేరుతుంది. నేలకు బోల్టు చేసేది అప్‌రైట్‌కు ఎడంగా నిలబడి దెబ్బను నేలకు పంపుతుంది, అయితే దారిని కొంత తగ్గిస్తుంది. ఇక్కడ నేల గార్డే మేలు, కానీ నేల మీది పాలెట్లు తీసేసిన తర్వాతే. ముందుగా బిగిస్తే ఇరుకు ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ రిపోర్టులో మొదటి పని రాత్రి షిఫ్టుకు సరుకు కేటాయించే మనిషిని పెట్టడం, రెండోది అప్‌రైట్ మార్చడం, మూడోది గార్డు. ఒక్కోదానికి బాధ్యుడి పేరు, తేదీ ఉండాలి. గార్డు తీసుకున్నది పోను దారంతా ఖాళీగా ఉందని వరుసగా కొన్ని రాత్రులు టేపుతో కొలిచి నమోదు చేశాకే రిపోర్టు మూయాలి.