లాభంలో ఉన్న ట్రేడ్‌కు లాట్లు కలపడం: సమానంగానా, తగ్గిస్తూనా?

ట్రెండ్ మన వైపే నడుస్తోంది, ట్రేడ్ లాభంలో ఉంది. ఇంకొన్ని లాట్లు కలపాలని చెయ్యి దురద పెడుతుంది. కలపకుండా కూర్చోవడం మేలా, మొదట ఎన్ని కొన్నామో అన్నే మళ్లీ కలపడం మేలా, తగ్గిస్తూ కలపడం మేలా? ఎంసీఎక్స్ సిల్వర్ మైక్రోతో లెక్క వేద్దాం. దాని లాట్ ఒక కిలో, ధర చెప్పేది కూడా కిలోకే. కాబట్టి ధర రూపాయి కదిలితే లాట్‌కు రూపాయి.

ఖాతాలో 5 లక్షలు ఉన్నాయి, ఒక ట్రేడ్‌లో పోయినా ఫర్వాలేదనుకున్నది 10,000. వెండి 90,000 దగ్గర కొన్నాం, స్టాప్‌లాస్ 88,000. లాట్‌కు 2,000 రిస్క్ కాబట్టి 5 లాట్లు. మూడు పద్ధతులకు ముగ్గురు ట్రేడర్లు ఉన్నారనుకుందాం. ఇక్కడిదాకా ముగ్గురిదీ ఒకటే దారి. ఆ తర్వాత మొదటివాడు ఏమీ కలపడు. రెండోవాడు 92,000 దగ్గర 5, 94,000 దగ్గర మరో 5 కలుపుతాడు. మూడోవాడు అవే ధరల దగ్గర 3, 2 కలుపుతాడు. కలిపిన ప్రతిసారీ మొత్తం లాట్ల స్టాప్‌ను అప్పటి ధరకు 2,000 కింద ఉండేలా పైకి జరుపుతారు. మొదటివాడూ స్టాప్ అలాగే జరుపుతాడు. 94,000 దాటాక కూడా ముగ్గురూ ధరతోపాటు అలాగే జరుపుతూ పోతారు.

92,000 దగ్గర స్టాప్ 90,000కి వచ్చింది, పాత 5 లాట్లకు ఇక నష్టం లేదు. కొత్త లాట్ల మీద రెండోవాడి రిస్క్ 10,000, మూడోవాడిది 6,000. ఇద్దరూ హద్దులోనే ఉన్నారు. అందుకే చాలామంది సమానంగా కలిపినా తప్పేముంది అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అన్నాను.

తేడా 94,000 దాటలేక వెనక్కి తిరిగినప్పుడు తెలుస్తుంది. 92,000 దగ్గర స్టాప్ తగిలితే మొదటివాడికి 10,000 మిగులుతుంది, మూడోవాడికి 6,000, రెండోవాడికి సున్నా. స్క్రీన్ మీద 30,000 లాభం చూసి సున్నాతో బయటికి రావడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. అదే ట్రెండ్ 1,00,000 దాకా వెళ్లి 98,000 దగ్గర స్టాప్ తగిలితే వరుస తలకిందులవుతుంది: రెండోవాడికి 90,000, మూడోవాడికి 66,000, మొదటివాడికి 40,000. అంటే తగ్గిస్తూ కలపడం ఎప్పుడూ గెలిచే పద్ధతేమీ కాదు. కలిపిన 5 లాట్ల సగటు 92,800. ఆ ధర పైన బయటికి వస్తేనే మూడోవాడు మొదటివాడిని దాటుతాడు. చిన్న ట్రెండ్లలో కలపనివాడిదే పైచేయి.

అయినా నేను మూడోవాడి వైపే. కారణం గ్యాప్. మన దగ్గర రాత్రి మార్కెట్ మూసేశాక కూడా అమెరికా కామెక్స్‌లో వెండి కదులుతూనే ఉంటుంది. పొద్దున 9 గంటలకు 92,000 స్టాప్‌ను దూకేసి ధర 90,000 దగ్గర తెరుచుకుందనుకోండి. మొదటివాడికి సున్నా, మూడోవాడికి 14,000 నష్టం, రెండోవాడికి 30,000. రిస్క్ 10,000 దాటదన్న మాట కాగితం మీదే నిలిచింది. మూడోవాడూ హద్దు దాటాడు, కానీ రెండోవాడిది ఏకంగా మూడు రెట్లు. ఇక 2, 3, 5 అంటూ పెంచుకుంటూ పోయేవాడు మొత్తం 10 లాట్లే కొన్నా, అదే గ్యాప్‌లో 26,000 పోగొట్టుకుంటాడు.

సమానంగా కలపడానికి పెద్ద పేరున్న ఉదాహరణ కూడా ఉంది. 1983లో చికాగోలో ట్రేడర్ రిచర్డ్ డెన్నిస్ శిక్షణ ఇచ్చిన టర్టిల్స్ అనే శిష్యులు సమాన యూనిట్లే కలిపేవారు, ఒక మార్కెట్లో నాలుగు దాకా. కాకపోతే వాళ్లు ధర కాస్త కదలగానే కలిపేవారు, స్టాప్ కూడా అంతే కాస్త పైకి వచ్చేది, పాత యూనిట్ల నష్టం పూర్తిగా పోయేది కాదు. అందుకే మొదటి యూనిట్‌కు ఖాతాలో 2 శాతంగా ఉన్న రిస్క్ నాలుగు నిండేసరికి 5 శాతం దాకా వెళ్లేది. అది మొత్తం రిస్క్‌ను కట్టేసి ఉంచే పద్ధతి కాదు.

ఎన్ని కలపాలో తేల్చే లెక్కకు మొదలు స్టాప్. దాన్ని చార్ట్‌లో ఈమధ్య ఏర్పడిన కనిష్ఠ ధర చెప్పాలి, మన ఆశ కాదు. 92,000 దగ్గర కలిపేటప్పుడు ఆ కనిష్ఠం 90,000 కాకుండా 89,000 దగ్గర ఉంటే? పాత 5 లాట్లకే 5,000 పోయే అవకాశం ఉంది. మిగిలింది 5,000, కొత్త లాట్‌కు రిస్క్ 3,000, కాబట్టి కలపగలిగింది ఒక్కటే. 3 కలపాలన్న ప్లాన్ కోసం స్టాప్‌ను బలవంతంగా 90,000కి లాగితే, మామూలు ఊగిసలాటకే తగిలి అసలు 5 లాట్లూ చేజారతాయి.

శుక్రవారం రాత్రి మాత్రం నాది ఇంకో అలవాటు. చివర కలిపిన 2 లాట్లు తీసేస్తాను. మిగిలిన 8 లాట్ల సగటు 90,750. కాబట్టి సోమవారం 90,000 దగ్గర తెరుచుకున్నా నష్టం 6,000. శనివారం నిద్ర పడుతుంది.